రోడ్డు దాటాల్సిన పిల్లల్ని బస్సు ముందు నుంచి పంపాలా, వెనక నుంచా?

నకిరేకల్ ఇన్‌చార్జి
అందరికీ నమస్కారం. మాది చిన్న ప్రైవేటు స్కూల్, నేను ట్రాన్స్‌పోర్ట్ చూస్తాను. ఒక రూట్‌లో 36 మంది పిల్లలు, ఒక డ్రైవర్, ఒక ఆయమ్మ. అందులో 11 మంది ఇళ్లు రోడ్డుకు కుడి పక్కన ఉన్నాయి, అంటే బస్సు దిగాక వాళ్లు రోడ్డు దాటాలి. రెండు వరుసల రోడ్డు, మధ్యలో డివైడర్ లేదు. డ్రైవరేమో బస్సు ముందు నుంచి పంపమంటాడు, ఆయమ్మ వెనక నుంచి పంపుతుంది. బస్సుకు నాలుగు మూలల పైన పసుపు లైట్లున్నాయి, ఆయమ్మ చేతికి ఎర్రజెండా ఇచ్చాం. ఇవి సరిపోతాయా? ఏది సరైన పద్ధతో తెలిసినవాళ్లు చెప్పగలరు. బండి ఫిట్‌నెస్‌కు తీసుకుపోయే లోపు ఏమన్నా మార్చాలంటే మార్పిస్తా.

రూల్‌బుక్ మిర్యాలగూడ
సార్, స్కూల్ బస్సు 40 దాటి పోవద్దని సుప్రీంకోర్టు చెప్పింది, స్పీడ్ గవర్నర్ 40కి సీల్ చేసి ఉండాలి. ఆగినప్పుడు పసుపు లైట్లు వెలగాలి. లైట్లు వెలిగితే వెనక బండ్లు ఆగాల్సిందే, ఆగకపోతే తప్పు వాళ్లది. కాబట్టి ముందా వెనకా అన్న ప్రశ్నే రాదు.

చిట్యాల స్టీరింగ్
రూల్‌బుక్ సార్, సగం కరెక్టే చెప్పిండ్రు. మిగిలిన సగం దగ్గర జాగ్రత్త పడాలె.

1997 నాటి తీర్పు ఢిల్లీ రోడ్ల కేసులో వచ్చింది. 40 అన్న అంకె అక్కడి నుంచే స్కూళ్లలో పాతుకుపోయింది, మంచి అంకెనే, నేనూ డ్రైవర్లకు అదే చెప్తా. కానీ గవర్నర్ సంగతికి వస్తే, కేంద్ర మోటారు వాహన నియమాల్లో 118వ నియమం స్కూల్ బస్సుకు గంటకు 60 అని పెట్టింది. అంటే సీల్ సరిగ్గా ఉన్న బండి కూడా 60 పోగలుగుతది. గవర్నర్ ఉంది కదా అని 40 దాటదనుకుంటే పొరపాటు. 40 అనేది డ్రైవర్ కాలి కింద ఉండాలె, జీపీఎస్ రిపోర్టులో మీ కంట్ల పడాలె.

ఇగ లైట్లు. అమెరికాలో స్కూల్ బస్సు ఆగి స్టాప్ బోర్డు బయటికి చాచిందంటే, డివైడర్ లేని రోడ్డు మీద రెండు దిక్కులా బండ్లు ఆగిపోతయి. అక్కడ పిల్లలకు నేర్పే పద్ధతి ఆ అలవాటు మీద నిలబడి ఉంది. మన రోడ్డు మీద లైటు వెలిగితే వెనకోడు హారన్ కొట్టి పక్కనుంచి పోతడు. తప్పు ఎవరిదన్నది తర్వాత తేలుతది, పిల్లగాడు ముందే రోడ్డు మీద ఉంటడు. కాబట్టి లైటు అంటే "ఇక్కడ పిల్లలున్నరు" అని చెప్పే గుర్తు అనుకోండ్రి, రోడ్డును ఆపే గేటు అనుకోకుండ్రి.

ఇన్‌చార్జి సార్ ప్రశ్నకు నా జవాబు: వెనక నుంచి ఎప్పుడూ వద్దు. వెనక నిలబడ్డ పిల్ల డ్రైవర్‌కు ఏ అద్దంలోనూ కనిపించదు. బస్సు రెండడుగులు వెనక్కి జారినా తెలవదు. ముందు నుంచి పంపొచ్చు, కానీ రెండు షరతులున్నయి. ఒకటి దూరం, రెండోది ఆయమ్మ నిలబడే చోటు.

దూరం సంగతి: బస్సు మూతి ముందు డ్రైవర్‌కు కనిపించని జాగ కొంత ఉంటది. అది ప్రతి బండికీ వేరు, మీరే కొలుచుకోవాలె. సమంగా ఉన్న జాగలో బండి నిలిపి డ్రైవర్‌ను సీట్ల కూసోబెట్టుండ్రి, ముందుకు వంగొద్దు. ఒక కర్రకు మీటరు దగ్గర, అరమీటరు దగ్గర ఎర్ర టేపు చుట్టి, బంపర్‌కు ఆనించి మొదలుపెట్టి ముందుకు జరుపుకుంటూ పోండ్రి. డ్రైవర్‌కు టేపు ఎక్కడ కనబడితే అక్కడ సుద్ద గీత గీయుండ్రి.

ఒక లెక్క చూడుండ్రి. డ్రైవర్ కన్ను నేల నుంచి 2.1 మీటర్ల ఎత్తుల ఉంది. అద్దం కింది అంచు 1.5 మీటర్ల ఎత్తుల, కంటికి 0.8 మీటర్ల ముందు ఉంది. బంపర్ ఇంకో 0.2 మీటర్ల ముందు. అప్పుడు మీటరు ఎత్తు పిల్ల బంపర్‌కు అరమీటరు దగ్గర నిలబడితే నెత్తి కొస మాత్రం కనిపిస్తది. అదే పిల్ల కింద పడ్డ వాటర్ బాటిల్ కోసం వంగితే ఎత్తు అరమీటరు అయితది, అప్పుడు 1.1 మీటర్ల దాకా అస్సలు కనిపించదు. ఇది మూతి చదునుగా ఉన్న బస్సు సంగతి. ముక్కు బయటికి ఉన్న బండిల ఇంజన్ మూత అడ్డమొస్తది. కన్ను 1.9 మీటర్లు, మూత అంచు కంటికి 2 మీటర్ల ముందు 1.3 ఎత్తుల ఉన్నదనుకుంటే, బంపర్ ఆ అంచుకు ఇంకో పది సెంటీమీటర్ల ముందు ఉంటే, వంగిన పిల్ల బంపర్ నుంచి రెండున్నర మీటర్ల దాకా కనిపించదు.

అందుకే 3 మీటర్లు, అంటే పదడుగులు, బస్సుకు ముందుకు నడిచినంకనే రోడ్డు వైపు తిరగాలె. మన భాషల ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. "పది అడుగులు వెయ్యి" అంటే పిల్ల పది అంగలేస్తది. ఒకటో తరగతి పిల్ల అంగ 40, 45 సెంటీమీటర్లు ఉంటది కాబట్టి 4 మీటర్లు దాటి పోతది. కొలత తప్పినా మంచి దిక్కే తప్పుతది. ఇంకోటి, బాటిల్ పడితే తియ్యొద్దని, ఆయమ్మకు చెప్పమని మొదటి వారమే నేర్పాలె.

బస్సు ఆయమ్మ, కల్వకుర్తి
స్టీరింగ్ అన్న చెప్పింది నిజం, కానీ ఆయమ్మ ఒక్కతే కదన్నా. నలుగురు దిగుతారు, ఇద్దరు దాటాలి, ఇద్దరు ఇటే పోవాలి. లోపల ఇంకా 25 మంది లేచి నిలబడి తోసుకుంటుంటారు. నేను దిగి రోడ్డు మీదకు పోతే తలుపు దగ్గర ఎవరుండాలి?

చిట్యాల స్టీరింగ్
అక్కా, అసలు ప్రశ్న మీరే అడిగిండ్రు. దానికి వరుస ఒకటే, అది తప్పొద్దు.

బస్సు నిలవంగనే తలుపు తెరవొద్దు. డ్రైవర్ గేరు న్యూట్రల్‌ల పెట్టి హ్యాండ్‌బ్రేక్ గుంజినంకనే తలుపు. మొదలు మీరు దిగాలె, పిల్లలు కాదు. దిగంగనే ఎడమ దిక్కు వెనక్కి చూడాలె, ఎందుకంటే మన దగ్గర బైకులు బస్సుకు ఎడమ పక్క సందులకెళ్లి వస్తయి. డ్రైవర్ మార్జిన్‌కు ఆనించి ఆపితే ఆ సందే ఉండదు. అట్లని మోరీ మీద, కంకర జారే కట్ట మీద మెట్టు పడకూడదు. బస్సుకు, మట్టి అంచుకు నడుమ బైకు పట్టకుండా, పిల్ల కాలు నిలిచేంత జాగ ఉంటే చాలు.

తర్వాత నలుగురినీ దింపి బస్సు ఎడమ పక్కనే నిలబెట్టుండ్రి. తలుపు మూపించుండ్రి. మూస్తే లోపలి పిల్లలు దిగరు, తలుపు దగ్గర ఎవరుండాలన్న ప్రశ్న తీరిపోతది. ఇటు పోయేటోళ్లను ముందుగాల పంపి, దాటేటోళ్లిద్దరిని పట్టుకొని పది అంగలు ముందుకు నడిచి, అప్పుడు కుడికి తిరగాలె.

ఇప్పుడు నిలబడే చోటు. బస్సు కుడి అంచు వరుసకు వచ్చినప్పుడు పిల్లల్ని మీ వెనక ఆపి, మీరొక్కలే తల బయటికి పెట్టాలె. ఓవర్‌టేక్ చేసే బండిని బస్సు దాస్తది. పిల్లకు బండి కనబడదు, బండోనికి పిల్ల కనబడదు. ఇక్కడనే ప్రమాదాలైతయి, బస్సు మూతి కింద కంటే ఇక్కడనే ఎక్కువ భయం. రెండు దిక్కులా చూసి, జెండా రోడ్డు మీదికి చాచి, వచ్చే బండి నిజంగ ఆగినంకనే పిల్లల్ని కదిలించాలె. జెండా చూపెట్టినం కదా అని కాదు, చక్రం ఆగిందా లేదా చూడాలె.

ఎంత దూరంల బండి ఉంటే ఆగుతదో తెలుసుకోవాలంటే: 40లో వచ్చే బండి, బ్రేకు తొక్కేదాకా ఒక సెకను పడుతదనుకుంటే, ఎండిన రోడ్డు మీద సుమారు 23 మీటర్లల ఆగుతది. 60లో వచ్చేది 45 మీటర్లు తీసుకుంటది. వాన పడితే ఇంకా ఎక్కువ. మీ స్టాపు దగ్గర రెండు కరెంటు స్తంభాల నడుమ దూరం ఒకసారి కొలిచి పెట్టుకుంటే అది మీకు చేతి కొలబద్ద అయితది.

దేవరకొండ అమ్మ
మా పాపను వ్యాన్‌లో పంపుతున్నాం. స్కూల్‌ది కాదు, బయటి ఆయన నడుపుతాడు. ఆయమ్మ లేదు, డ్రైవర్ ఒక్కడే. 14 మందిని ఎక్కిస్తున్నాడు. నెలకు ఇంత తీసుకుంటూ ఆయమ్మను పెట్టకపోతే ఫీజు తగ్గించమని అడగొచ్చా? ముందు సీట్లో కూడా ఇద్దరు పిల్లలు కూర్చుంటున్నారు.

చిట్యాల స్టీరింగ్
అమ్మా, ఫీజు సంగతి తర్వాత. మొదలు నంబరు ప్లేటు చూడుండ్రి. తెల్ల ప్లేటు ఉంటే అది సొంతానికి వాడుకునే బండి, కిరాయికి తిప్పొద్దు. ఏమన్న జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లు అక్కడనే అడ్డం తిరుగుతరు. పసుపు ప్లేటు ఉంటే ఆర్‌సీల సీట్లెన్నో చూడుండ్రి. ఒకటిన్నర రెట్లు ఎక్కించొచ్చని వ్యాన్‌వాళ్లు చెప్తుంటరు. ఆ లెక్క 12 ఏళ్ల లోపు పిల్లలకే, 12 దాటినోళ్లు ఒక్కొక్కరు ఒక సీటు. డ్రైవర్ పోను ఆరు సీట్లుంటే, అందరూ చిన్నోళ్లే అయినా తొమ్మిది. 14 ఏ లెక్కలోనూ రాదు.

ఆయమ్మ లేని వ్యాన్‌ల ఇంకో చిక్కుంది. డ్రైవరే దిగి పక్క తలుపు జరపాలె, లేకుంటే పిల్లలే జరుపుకుంటరు. పిల్లలే జరుపుకునే వ్యాన్ అయితే మీ పాప దిగే దగ్గర మీరే నిలబడుండ్రి, రోడ్డుకు ఇటు పక్కన కాదు, వ్యాన్ ఆగే పక్కన. అమ్మ అటు పక్కన కనబడితే పిల్ల చూడకుండ ఉరుకుతది.

దేవరకొండ అమ్మ
ప్లేటు తెల్లదే అన్నా. నేను అటు పక్కనే నిలబడుతున్నా ఇన్నాళ్లూ. రేపటి నుంచి మారుస్తా.

పాలమూరు వైరింగ్
లైట్ల గురించి నాలుగు మాటలు. మహబూబ్‌నగర్‌లో మా షెడ్డుకు మే నెలంతా స్కూల్ బస్సులే వస్తాయి, ఫిట్‌నెస్ మే 15తో అయిపోతది కాబట్టి. అందరూ "లైటు వెలుగుతుందా" అని మాత్రమే చూపిస్తారు. ఎప్పుడు వెలుగుతుంది అన్నది ఎవరూ అడగరు.

పైన నాలుగు మూలల పసుపు లైట్లు పిల్లలు ఎక్కి దిగేటప్పుడు వెలగాలి. చాలా బండ్లలో డ్రైవర్లు స్విచ్ వేసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా అట్లనే వదిలేస్తారు. రోజంతా మిణుకుమనే లైటును వెనకోడు రెండో రోజు నుంచి పట్టించుకోడు. దానికి విరుగుడని కొందరు తలుపుకు స్విచ్ పెట్టి, తలుపు తెరిస్తేనే వెలిగేటట్టు చేయిస్తున్నారు. అదీ తప్పే. తలుపు తెరిచేసరికి వెనక బండి మీద పడేంత దగ్గరికి వచ్చి ఉంటది.

సరైనది రెండూ కలపడం. డ్రైవర్ స్విచ్ ఒకటి, తలుపు స్విచ్ ఒకటి, రెండూ ప్యారలల్‌గా. స్టాపుకు వంద మీటర్ల ముందు డ్రైవర్ స్విచ్ వేస్తాడు. మరిచిపోయినా తలుపు తెరవగానే వెలుగుతయి. తలుపు మూసి, స్విచ్ ఆపితేనే ఆరుతయి. స్విచ్ పక్కన చిన్న బజర్ పెడితే ఆపడం మరిచిపోడు. 12 వోల్టుల బండిలో 21 వాట్ల బల్బులు నాలుగంటే 7 ఆంపియర్లు, ఫ్యూజు 10ది చాలు. ఫ్యూజు పోయినప్పుడల్లా రాగి తీగ చుట్టే పని చేయకండి.

దీనికంటే ముఖ్యమైనది కింది ఇండికేటర్లు. చాలామంది ఆగినప్పుడు హజార్డ్ వేస్తారు. వెనక ఎడమ బల్బు మాడిపోయి ఉన్నా, మట్టి కమ్మి ఉన్నా, వెనకోడికి కుడి లైటు ఒక్కటే కొట్టుకుంటూ కనిపిస్తది. వాడు ఏమనుకుంటాడు? బస్సు కుడికి తిరుగుతుందనుకుంటాడు. అనుకుని ఎడమ పక్కనుంచి దూరతాడు. పిల్లలు దిగేది ఎడమ పక్కనే.

హజార్డ్ వేసి చూస్తే బల్బు పోయిందని డ్రైవర్ సీట్లోంచి తెలియదు. ఎడమ ఇండికేటర్ ఒక్కటే వేసి చూడండి. పాత ఫ్లాషర్ ఉన్న బండిలో బల్బు పోతే టిక్కు టిక్కు మామూలు కంటే జోరుగా కొట్టుకుంటది. అదే గుర్తు. ఎల్‌ఈడీ బల్బులు వేసిన బండిలో ఈ గుర్తు నమ్మొద్దు, లోడు తక్కువ కాబట్టి అన్నీ బాగున్నా జోరుగానే కొడతది. అక్కడ ఆయమ్మ వెనకకు పోయి కంటితో చూడాల్సిందే. రోజూ పొద్దున తడిగుడ్డతో ఒక తుడుపు.

నకిరేకల్ ఇన్‌చార్జి
వైరింగ్ అన్నా, మా బండిలో ఎల్‌ఈడీలే. ఇప్పుడే పోయి చూశా. వెనక ఎడమది వెలుగుతుంది కానీ సగం మట్టే. తుడిపించా. తలుపు స్విచ్ ఈ వారం పెట్టిస్తా.

స్టీరింగ్ అన్న చెప్పిన వరుస మా డ్రైవర్‌కు చదివి వినిపించా. "ఒక్కో స్టాపుకు రెండు నిమిషాలు పడుతుంది, 14 స్టాపులు, అరగంట లేటు" అన్నాడు.

రూట్ ఓనర్, జడ్చర్ల
మీ డ్రైవర్ చెప్పింది తప్పు కాదు. స్టాపులు తగ్గించండి. ఇంటింటికీ ఆగితే ఏ పద్ధతీ నిలవదు. 14ను 8 చేస్తే ఆ రెండు నిమిషాలు దొరుకుతాయి. ఇంకో మాట, పిల్లల్ని రోడ్డే దాటించకండి. పోయేటప్పుడు ఎడమ పక్కవాళ్లను దింపుకుంటూ చివరిదాకా పోయి, తిరిగి వచ్చేటప్పుడు కుడి పక్కవాళ్లను దింపండి. వచ్చేటప్పుడు వాళ్లది ఎడమ పక్కే అవుతుంది. నాలుగు వరుసల హైవే అయితే ఇదొక్కటే దారి, డివైడర్ మీది నుంచి పిల్లల్ని దాటించడం అనేది ఆలోచించనే కూడదు. అండర్‌పాస్ కింద తిప్పుకు రావాల్సిందే.

నకిరేకల్ ఇన్‌చార్జి
రూట్ గీసి చూశా సార్. ఆ 11 మందిలో ఏడుగురికి పనికొస్తుంది, 20 నిమిషాలు ఆలస్యంగా ఇల్లు చేరతారు. మిగతా నలుగురు మొదటి స్టాపువాళ్లు. స్కూల్‌కు రెండు కిలోమీటర్లలో ఇల్లు, తిరుగు ప్రయాణంలో దింపితే గంటకు పైగా బస్సులోనే ఉండాలి. తల్లిదండ్రులు ఒప్పుకోరు.

చిట్యాల స్టీరింగ్
ఆ నలుగురికి ఆయమ్మ దాటించుడు, ఏడుగురికి తిరుగు ట్రిప్పు. మంచిగనే ఉంది. ఒకటి అడుగుత, చివరి ఊర్ల బస్సు ఎక్కడ తిరుగుతది?

నకిరేకల్ ఇన్‌చార్జి
ఊరి చివర వేపచెట్టు దగ్గర. అక్కడ ఆరుగురు దిగుతారు. వాళ్లు దిగాక రివర్స్ తీసుకుని తిప్పుకుంటాడు.

చిట్యాల స్టీరింగ్
సార్, అన్నిటికంటే ముందు ఇది మార్చుండ్రి. రేపటి నుంచే.

పిల్లలు దిగినంక రివర్స్ అంటే, ఆరుగురు పిల్లలు బస్సు చుట్టూ ఉన్నప్పుడు డ్రైవర్ కనిపించని దిక్కుకు పోతున్నడు. ఒకడు చెప్పు తెగి వెనక ఆగుతడు, ఒకడు బ్యాగు సర్దుకుంటడు. ముందుగాల తిప్పుకోవాలె, పిల్లలందరూ లోపల సీట్లల్ల ఉన్నప్పుడే. బస్సు మూతి ఇంటి దారికి తిరిగి, బ్రేకు పడినంకనే తలుపు. వేపచెట్టు దగ్గర చిన్నపిల్లలు ఆడుకుంటుంటే వాళ్లు కూడా ఉంటరు కదా, కాబట్టి తిప్పేటప్పుడు ఆయమ్మ కింద దిగి వెనక కుడి మూలకు, డ్రైవర్ అద్దంల కనిపించేటట్టు నిలబడాలె. అద్దంల ఆయమ్మ కనిపించకపోతే ఆ క్షణమే బ్రేకు. ఆమె ఏమన్నదని వినుడు కాదు, కనిపించకపోవుడే సిగ్నల్.

బస్సు ఆయమ్మ, కల్వకుర్తి
మాటల సంగతి కూడా చెప్పన్నా. మా బస్సులో "రైట్" అంటే పోనియ్ అని. పిల్లకు "రైట్ సైడ్‌కు పో బిడ్డా" అంటే డ్రైవర్ బండి కదిలిస్తాడు. అందుకే నేను బస్సు దగ్గర ఆ మాటే వాడను. పిల్లలకు "ఇటు, అటు" అంటా. డ్రైవర్‌కు నేను ఎక్కి, తలుపు మూసి, లోపలి నుంచి "పోనియ్" అంటేనే కదలాలి. బయటి నుంచి ఎవరు ఏమన్నా, బస్సు మీద తట్టినా కదలొద్దు. పెద్ద పిల్లలు ఆటకు తడుతుంటారు. ఆడపిల్లల చున్నీ తలుపు కడ్డీకి తట్టుకుంటది, దిగే ముందే ముడి వేయించాలి. బ్యాగు పట్టీ కూడా అంతే.

చిట్యాల స్టీరింగ్
అక్క చెప్పిన "పోనియ్" మాట అందరూ రాసి పెట్టుకోండ్రి.

రూల్‌బుక్ మిర్యాలగూడ
గవర్నర్ 60 సంగతి చూసుకున్నా, స్టీరింగ్ గారు చెప్పినట్టే ఉంది. అయితే ఒక అభ్యంతరం. ఆయమ్మను రోడ్డు మీదికి పంపి బండ్లు ఆపించే అధికారం స్కూల్‌కు ఎక్కడిది? ఆమెకే దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? నా లెక్కలో బస్సు వెళ్లిపోయాక, రోడ్డు రెండు వైపులా కనిపించినప్పుడు దాటడమే మేలు.

చిట్యాల స్టీరింగ్
మీ మాటల బలం ఉంది. బస్సు పోతే అడ్డం పోతది, పిల్లకు రోడ్డంతా కనిపిస్తది. పెద్ద పిల్లలకు, ఎనిమిది, తొమ్మిది తరగతులోళ్లకు నేనూ అదే చెప్త. కానీ బస్సుతో పాటు ఆయమ్మ కూడా పోతది కదా. ఒకటో తరగతి పిల్లలు ఇద్దరు రోడ్డు పక్కన ఒంటరిగా మిగులుతరు. ఇంటోళ్లు బస్సు ఆగే పక్కకు వచ్చి చెయ్యి పట్టుకుంటే మీ పద్ధతే ఉత్తమం. రాకపోతే?

రూల్‌బుక్ మిర్యాలగూడ
రాకపోతే పిల్లను దింపకుండా స్కూల్‌కు తిరిగి తీసుకుపోవాలని రాతపూర్వకంగా తల్లిదండ్రులతో ఒప్పందం పెట్టుకోవాలి.

రూట్ ఓనర్, జడ్చర్ల
పత్తి ఏరే రోజుల్లో సాయంత్రం నాలుగున్నరకు ఎవరొస్తారు సార్? సగం బస్సు వెనక్కి తీసుకుపోవాలి.

నకిరేకల్ ఇన్‌చార్జి
ఆ నలుగురి ఇళ్లకు రేపు నేనే పోయి మాట్లాడతా. ఎవరో ఒకరు వస్తామంటే రూల్‌బుక్ సార్ పద్ధతి, లేదంటే ఆయమ్మ దాటించడం. వేపచెట్టు దగ్గర తిప్పాకే దింపమని డ్రైవర్‌కు ఇవాళే చెప్పేశా. కర్రకు టేపు చుట్టి కొలిచాం కూడా. మాది ముక్కున్న బండి. అరమీటరు టేపు 2.3 మీటర్ల దాకా కనిపించలేదు. మూతి మీది గుండ్రటి అద్దంలో చూడమంటే, అది పైకి తిరిగి చెట్ల కొమ్మలు చూపిస్తుంది. దాన్ని ఎట్లా సెట్ చేయాలి?

పాలమూరు వైరింగ్
సుద్ద గీత చెరపకండి. బంపర్ ముందు గీత దాకా నాలుగైదు చెప్పులు వరుసగా పెట్టండి. డ్రైవర్ సీట్లో మామూలుగా కూర్చోవాలి, ఒకరు బయట నిలబడి అద్దం కొద్దికొద్దిగా కిందికి వంచాలి. బంపర్ అంచు, చెప్పులన్నీ ఒకే చూపులో కనపడ్డ దగ్గర నట్టు బిగించి, నట్టుకూ కడ్డీకీ కలిపి పెయింటుతో అడ్డగీత గీయండి. గీత రెండు ముక్కలై కనిపించిన రోజు అద్దం కదిలిందని అర్థం.